1.5 టన్ను ఏసీ మెల్‌బోర్న్‌లో ఎన్ని కిలోవాట్లు?

సందేహం: మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చాం. హైదరాబాద్‌లో 1.5 టన్ను ఏసీ వాడేవాళ్లం. ఇక్కడ అడిగితే 5 కిలోవాట్లది తీసుకోమంటున్నారు. గంటకు 5 యూనిట్లు కాలుతాయా?

కాలవు. ఆ 5 కిలోవాట్లు ఏసీ గదిలోంచి బయటికి తోసే వేడి లెక్క, కరెంటు లెక్క కాదు. కరెంటు ఎంత లాగుతుందో రేటింగ్ ప్లేటు మీద విడిగా 'పవర్ ఇన్‌పుట్' అని ఉంటుంది. ఉదాహరణకు కూలింగ్ 5.0 కిలోవాట్లు, ఇన్‌పుట్ 1.4 కిలోవాట్లు అనుకోండి. పూర్తి జోరులో నడిస్తే గంటకు 1.4 యూనిట్లే. ఇన్వర్టర్ ఏసీ అయితే గది చల్లబడ్డాక ఇంకా తగ్గుతుంది.

ఇక టన్ను సంగతి. అది ఏసీ బరువు కాదు, మంచు దిమ్మలతో చల్లబరిచే రోజుల నాటి కొలత. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడిని ఒక టన్ను అన్నారు. వేడిని కొలిచే బీటీయూల్లో చెప్తే పౌండు మంచుకు 144 కావాలి కాబట్టి మొత్తం 2,88,000. దాన్ని 24తో భాగిస్తే గంటకు 12,000 బీటీయూలు. కిలోవాట్లలోకి మార్చడానికి రెండే లెక్కలు:

```
kW = టన్నులు × 3.517
kW = (BTU/h) ÷ 3412
```

మీ 1.5 టన్ను అంటే 18,000 బీటీయూ, 5.28 కిలోవాట్లు. ఇక్కడ దానికి దగ్గరగా దొరికేది 5.0. తిరగేసి చూస్తే అది 1.42 టన్నులు. తేడా పెద్దదేం కాదు. మన దేశంలో 1.5 టన్ను అని అమ్మే చాలా మోడళ్ల స్టిక్కర్ మీద కూడా అసలు కెపాసిటీ 5,000 వాట్లకు అటూ ఇటూగానే ఉంటుంది. 3.5 కిలోవాట్లది మాత్రం ఒక టన్నే. చవకగా వస్తోందని మీ పాత ఏసీకి బదులు దాన్ని తెచ్చుకుంటే మండు వేసవిలో ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, గది మాత్రం చల్లబడదు.

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ప్లేటు మీద ఇన్‌పుట్ '1.5 kW' చూసి అదే 1.5 టన్ను అనుకోవడంలో. రెండింటికీ సంబంధమే లేదు. ఇంకోటి, ఇక్కడి ఏసీలు చాలావరకు చలికాలంలో హీటర్లు కూడా. హీటింగ్ అంకె సాధారణంగా కూలింగ్ కన్నా పెద్దది. 5.0, 6.0 అని రెండూ రాసి ఉంటే మీరు పోల్చాల్సింది 5.0తోనే.

మోడల్ నంబరును కూడా గుడ్డిగా నమ్మకండి. చాలా కంపెనీలు 5.0 కిలోవాట్లకు అందులో 50 అని వేస్తాయి. కొన్ని మాత్రం అదే సైజుకు 18 అని, అంటే బీటీయూ వేలల్లో వేస్తాయి. అనుమానమొస్తే ప్లేటు మీది కూలింగ్ కెపాసిటీ చూసి 3.517తో భాగించండి, మీకు తెలిసిన టన్నుల్లోకి వచ్చేస్తుంది.