పార్కిన్సన్స్ మాత్ర ప్రభావం మధ్యలోనే ఎందుకు తగ్గిపోతోంది?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. ఏడేళ్లుగా పార్కిన్సన్స్ ఉంది. లీవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర (125) ఉదయం 7కి, మధ్యాహ్నం 1కి, రాత్రి 7కి ఒకటిన్నర చొప్పున వేసుకుంటున్నారు. ఏడాదిగా ఉదయం 11 దాటగానే చేయి వణుకుతోంది, అడుగు పడటం లేదు. భోజనం చేశాక వేసుకునే మాత్ర కొన్ని రోజులు అసలు పనిచేయదు. ఉదయం మాత్ర వేసుకున్న గంటకు మెడ, భుజాలు వాటంతటవే మెలికలు తిరుగుతున్నాయి. ఎక్కువ కాలం వాడితే ఈ మందు పనిచేయదని, కొన్నాళ్లు ఆపి చూడమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి? – ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మందు ఆపకండి. లీవోడోపాను ఒక్కసారిగా మానేస్తే ఒళ్లంతా బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, మనిషి మగతలోకి జారుకుని ఐసీయూలో చేర్చాల్సిన పరిస్థితి రావచ్చు. కొన్నాళ్లు విరామం ఇస్తే మందు మళ్లీ బాగా పనిచేస్తుందన్న ఆలోచనతో ఒకప్పుడు ఆస్పత్రుల్లో ఉంచి మరీ ప్రయత్నించారు. మేలు కంటే ప్రమాదమే ఎక్కువని తేలడంతో వైద్యులు ఆ పద్ధతిని వదిలేశారు.

మీ నాన్నగారి శరీరం మందుకు అలవాటు పడిపోలేదు. ఉదయం మాత్ర వేసుకున్నాక ఆయన కొన్ని గంటలు బాగానే తిరగగలుగుతున్నారంటే మందు పనిచేస్తోందనే అర్థం. మారింది దాని ప్రభావం నిలిచే సమయం. కార్బిడోపాతో కలిపి ఇచ్చినా లీవోడోపా రక్తంలో సుమారు గంటన్నరకే సగానికి తగ్గిపోతుంది. మొదటి ఏడాదిలోనూ అంతే, ఏడో ఏడాదిలోనూ అంతే. మన కదలికలకు కావాల్సిన మెదడు రసాయనం డోపమిన్. తొలి సంవత్సరాల్లో మెదడులో మిగిలి ఉన్న డోపమిన్ కణాలు, అందిన లీవోడోపాను డోపమిన్‌గా మార్చి, దాచుకుని, అవసరాన్ని బట్టి కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి. ఇంటిమీద ట్యాంకు ఉంటే మున్సిపల్ నీళ్లు గంటసేపే వచ్చినా కుళాయి రోజంతా పారినట్టు, అప్పట్లో రోజుకు మూడు మాత్రలే ఏ లోటూ లేకుండా సరిపోతాయి. జబ్బు ముదిరేకొద్దీ ఆ కణాలు తగ్గిపోతాయి, దాచుకునే శక్తి సన్నగిల్లుతుంది. అప్పుడు రక్తంలో మందు ఉన్నంతసేపే మనిషి కదలగలుగుతాడు, అది తగ్గగానే వణుకు, బిగుసుదనం తిరిగి వస్తాయి. పైగా డోపమిన్ నిలకడగా కాక ఒక్కసారిగా ఎక్కువై, వెంటనే తక్కువవుతూ ఉండటం వల్ల దాన్ని అందుకునే కణాల్లోనూ మార్పులు వస్తాయి. మందు మోతాదు రక్తంలో శిఖరానికి చేరిన సమయంలో, అంటే మాత్ర వేసుకున్న సుమారు గంటకు, మెడా భుజాలూ మెలికలు తిరగడానికి కారణం ఇదే. దీన్ని డిస్కైనీషియా అంటాం.

ఈ మార్పులకు మూలం ప్రధానంగా జబ్బు వయసే కాని మందు వాడిన కాలం కాదనడానికి మంచి ఆధారం ఉంది. ఆఫ్రికాలోని ఘనాలో మందు అందుబాటు లేక చాలామంది రోగులు లీవోడోపాను ఆలస్యంగా మొదలుపెట్టారు. వారిని ఇటలీ రోగులతో పోల్చిన అధ్యయనం 2014లో వెలువడింది. ఆలస్యంగా మొదలుపెట్టినవారిలో కూడా జబ్బు మొదలై దాదాపు అన్నేళ్లకే ఈ హెచ్చుతగ్గులు కనిపించాయి. కాబట్టి మందును ముందుగా మొదలుపెట్టడం వల్లే ఇలా జరిగిందని మీరు బాధపడనక్కరలేదు. అయితే రోజువారీ మోతాదు ఎక్కువయ్యేకొద్దీ డిస్కైనీషియా అవకాశం పెరుగుతుందన్నది మాత్రం వాస్తవం.

ఇక చేయవలసింది చూద్దాం. మీ నాన్నగారికి ఉదయం ఏడింటి మాత్ర సుమారు నాలుగు గంటలే నిలుస్తోంది, తర్వాతి మాత్ర ఒంటిగంటకు గాని పడటం లేదు, అది పనిచేయడానికి మరో అరగంట, ముప్పావుగంట పడుతుంది. అంటే రోజూ పగటిపూట రెండున్నర గంటలకు పైగా ఆయన మందు లేనివారిలాగే ఉంటున్నారు. ఇప్పుడు ఆయన తీసుకునే లీవోడోపా పూటకు 150 చొప్పున రోజుకు 450 మిల్లీగ్రాములు. దాదాపు అదే మొత్తాన్ని పూటకు ఒక్క మాత్ర చొప్పున 7, 10, 1, 4, 7 గంటలకు ఇస్తే రోజుకు 500 అవుతుంది. విరామాలు తగ్గుతాయి, ఒక్కోసారి పడే మోతాదు చిన్నది కావడంతో మెలికలు కూడా తగ్గవచ్చు. కొందరికి 100 మిల్లీగ్రాములతో మందు పట్టనే పట్టదు. అలాంటప్పుడు 150నే ఉంచి, నాలుగు గంటలకోసారి ఇచ్చి, మెలికలకు అమాంటడిన్ చేర్చడం మేలు. ఈ మార్పు మీ న్యూరాలజిస్టు చేతుల మీదుగానే జరగాలి. అందుకు మూడు నాలుగు రోజులపాటు ప్రతి అరగంటకూ ఆయన బాగా కదులుతున్నారా, బిగుసుకుపోయారా, మెలికలు తిరుగుతున్నారా అన్నది మాత్ర, భోజనం వేళలతో సహా ఒక కాగితంపై రాసి తీసుకెళ్లండి. మెలికలు మాత్ర ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వస్తున్నాయా, నడిమధ్యలో వస్తున్నాయా అన్నదాన్ని బట్టి చికిత్స వేరవుతుంది, అది ఆ కాగితం చూస్తేనే తేలుతుంది.

మధ్యాహ్నం మాత్ర పనిచేయకపోవడానికి కారణం భోజనమే కావచ్చు. లీవోడోపా ఒక అమైనో ఆమ్లం. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు చిన్నపేగులోనూ మెదడు ద్వారం దగ్గరా దానితో పోటీ పడతాయి. పార్కిన్సన్స్‌లో జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి నిండు కడుపున వేసుకున్న మాత్ర అక్కడే చాలాసేపు నిలిచిపోతుంది. మాత్రను భోజనానికి కనీసం అరగంట ముందు మంచినీళ్లతో ఇవ్వండి. ప్రొటీన్ మానిపించవద్దు, ఈ జబ్బులో బరువు తగ్గడం మామూలే. పప్పు, పెరుగు ఎక్కువ భాగం రాత్రి భోజనంలోకి మార్చితే చాలు. ఐరన్ మాత్ర ఉంటే దానికీ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి.

మందులషాపులో స్ట్రిప్ మీది అంకెను కూడా చూడండి. 125 అంటే లీవోడోపా 100, కార్బిడోపా 25. 110 అంటే లీవోడోపా అంతే ఉన్నా కార్బిడోపా 10 మాత్రమే. లీవోడోపా మెదడుకు చేరకముందే డోపమిన్‌గా మారిపోకుండా కార్బిడోపా ఆపుతుంది, అందుకు రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు కావాలి. 125 లేదని 110 ఇస్తే వికారం పెరుగుతుంది, మెదడుకు చేరే మందు తగ్గుతుంది. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు, అది పార్కిన్సన్స్‌ను ఎక్కువ చేస్తుంది.

వేళలు మార్చినా చాలకపోతే ఎంటకపోన్‌ను ప్రతి మాత్రతో కలిపి ఇస్తాం. అది లీవోడోపాను రక్తంలో మరికొంత సేపు నిలుపుతుంది, మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, దానికి భయపడనక్కరలేదు. ఇప్పటికే మెలికలున్నవారిలో దీనితో అవి పెరగవచ్చు కాబట్టి లీవోడోపా మోతాదు కాస్త తగ్గించాల్సి రావచ్చు. రసాజిలిన్, సాఫినమైడ్ మెదడులో డోపమిన్ విచ్ఛిన్నాన్ని తగ్గిస్తాయి. డోపమిన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది కాని, ఈ వయసులో నేను వాటిని ఆచితూచి రాస్తాను. మగత, భ్రాంతులు మాత్రమే కాక జూదం, అదుపులేని కొనుగోళ్లు, అతి లైంగిక వాంఛ వంటి మార్పులు వాటితో రావచ్చు, వాటిని రోగులు డాక్టరుకు చెప్పరు, ఇంట్లోవారే గమనించాలి. దూలగొండి గింజల పొడి వాడుతుంటే అదీ చెప్పండి. అందులో ఉన్నది లీవోడోపాయే, ఎంత పడుతోందో తెలియకుండా మాత్రల మోతాదు సరిచేయలేం.

ఇవన్నీ సరిగా వాడినా పగలు చాలా గంటలు బిగుసుకుపోతుంటే, లీవోడోపా పట్టినప్పుడు మాత్రం చక్కగా నడవగలుగుతుంటే, జ్ఞాపకశక్తి బాగుంటే, మెదడులో సన్నని తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ శస్త్రచికిత్సకు ఆయన తగినవారా అని అడగవచ్చు. మందు పట్టినప్పుడు కూడా తగ్గని మాట తడబాటు, తూలిపడటం దానితోనూ సాధారణంగా తగ్గవు.