స్టాక్ షీట్ ఫోటో నుంచి క్లోజింగ్ స్టాక్ విలువ ఎలా కట్టాలి?

స్టాక్ షీట్‌ని ఫోటో తీసి పంపారు. దాంట్లో బోల్టుల ఎదురుగా "12 బా + 7" అని ఉంది. దీన్ని ఎన్ని అని రాసుకోవాలి, ఏ ధరకి లెక్కకట్టాలి?

ముందు ఆ "బా" అంటే ఏమిటో లెక్కపెట్టినవాళ్లని అడగండి. బాక్సుకి 50 అయితే 12 × 50 + 7, అంటే 607 బోల్టులు. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే: 12ని ముక్కలనుకుని 19 అని ఎక్కించేస్తారు. ఫోటోలో 1, 7 ఒకేలా కనిపిస్తే ఊహించొద్దు, కొనుగోళ్లతో సరిచూడండి. ఓపెనింగ్ స్టాక్‌కి కొన్నది కలిపినా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఎక్కడో తప్పు ఉన్నట్టే.

ఇక ధర. అమ్మే ధర వేస్తే ఇంకా రాని లాభం కూడా స్టాక్‌లో కలిసిపోతుంది, కాబట్టి కొన్న ధరే వేయాలి. మొదట 500 బోల్టులు 5 చొప్పున, తర్వాత 400 బోల్టులు 6 చొప్పున కొన్నారనుకుందాం. ఓపెనింగ్ స్టాక్ లేదు. ముందు కొన్నవి ముందు అమ్ముడైనట్టు లెక్కేసే పద్ధతిలో (ఫిఫో) మిగిలినవి కొత్తవే. అంటే 400 × 6 = 2400, పాతవాటిలో 207 × 5 = 1035, మొత్తం 3435.

సరిచూడటం తేలికే. మొత్తం కొనుగోలు 4900, అమ్ముడైన 293 బోల్టుల ఖర్చు 1465. తీసేస్తే అదే 3435. సగటు ధర పద్ధతిలో 3305 దాకా వస్తుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా ఏటా అదే పాటించాలి. తుప్పుపట్టి కొన్న ధర కూడా రాని బోల్టులుంటే, వాటిని మాత్రం అమ్మకం ఖర్చులు పోగా చేతికొచ్చే మొత్తానికి తగ్గించి రాయండి.