బీపీ మిషన్‌లో ఎర్రర్ వస్తోంది, మిషన్ మార్చాలా పట్టీ మార్చాలా?

"అమ్మకి బీపీ చూసే మిషన్ ఈమధ్య గాలి ఎక్కించుకుంటుంది కానీ నంబర్ రాకుండా ఎర్రర్ చూపిస్తుంది, ఒక్కోసారి కదిలారని బొమ్మ వస్తుంది. బ్యాటరీలు మార్చినా అంతే. కొత్తది కొనాలా?"

అప్పుడే కొనకండి. మా నాన్నగారి మిషన్ కూడా ఇలాగే చేసింది, చివరికి పట్టీ ఒక్కటి మారిస్తే సరిపోయింది.

ముందు ఏ బ్యాటరీలు వేశారో చూడండి. గోడగడియారంలో వేసే చవక రకం అయితే స్క్రీన్ బాగానే వెలుగుతుంది గానీ, ఎక్కువ కరెంటు లాగేది గాలి పంపు కాబట్టి అది మొదలవగానే గొంతు తగ్గి ఈడుస్తుంది, ఒక్కోసారి మధ్యలో ఆగిపోతుంది కూడా. ఆల్కలైన్ వేయండి, అన్నీ ఒకేసారి మార్చండి, పాతవీ కొత్తవీ కలపొద్దు.

కదిలారనే బొమ్మ ఎందుకొస్తుందంటే, పట్టీలో గాలి తగ్గుతున్నప్పుడు రక్తనాళం కొట్టుకునే చిన్న చిన్న అదుర్లని బట్టే మిషన్ లెక్క కడుతుంది, అప్పుడు మాట్లాడినా, వేళ్లు ఆడించినా, చెయ్యి గాల్లో పెట్టి ఉంచినా ఆ అదుర్లు కలిసిపోతాయి. చెయ్యి బల్ల మీద ఆనించి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా కూర్చోబెట్టండి, చొక్కా చెయ్యి పైకి మడిచి బిగించొద్దు. ఇలా చేశాక మీరూ ఒకసారి చూసుకోండి. మీకు బాగా వచ్చి అమ్మగారికి మాత్రమే ఎర్రర్ వస్తుంటే మిషన్‌ని అనుమానించకండి, గుండె లయ తప్పుతున్నా అలా రావొచ్చు, డాక్టర్‌కి చెప్పండి.

ఇద్దరికీ రాకపోతే ముందు పట్టీని అనుమానించండి. మా దాంట్లో పంపు చాలాసేపు తిరిగేది, పట్టీ మాత్రం గట్టిపడేది కాదు. పట్టీని ఒక సీసాకి చుట్టి స్టార్ట్ నొక్కి, గొట్టం పట్టీలోకి దూరే చోట చెవి పెడితే సన్నగా బుస్సుమని వినిపించింది, అక్కడ సబ్బునురగ రాస్తే బుడగలొచ్చాయి. గొట్టాన్ని మిషన్ చుట్టూ బిగించి చుట్టి పెట్టడం వల్ల సరిగ్గా ఆ మెడ దగ్గరే పగిలింది. కొత్త పట్టీ వచ్చాక గొట్టం వదులుగా మడిచి పెడుతున్నాం, ఊడదీసేటప్పుడు గొట్టం పట్టుకు లాగకుండా ప్లగ్ పట్టుకుంటున్నాం. చెమట, నూనె అంటితే సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన బట్టతో తుడిచి నీడలో ఆరబెట్టండి, నీళ్లలో ముంచి ఉతికితే లోపలి రబ్బరు సంచిలోకి తడి పోతుంది. చాలా రోజులు వాడకపోతే బ్యాటరీలు తీసేయండి, లీకై స్ప్రింగులు తుప్పు పడతాయి.

పట్టీ కొనేముందు మోచేతికీ భుజానికీ మధ్య చెయ్యి చుట్టుకొలత టేపుతో కొలవండి, మీ మిషన్ మోడల్‌కి సరిపడే ఆ కంపెనీదే అడగండి. మామూలు పట్టీ మీద సాధారణంగా 22–32 సెం.మీ. అని ఉంటుంది, అమ్మగారి చెయ్యి 34 ఉంటే అది వద్దు, బిగుతైన పట్టీ బీపీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, 22–42 ది తీసుకోండి.