యాడ్ క్లిక్కుల బిల్లు తప్పనిపిస్తే సపోర్ట్ టీమ్‌కి మెయిల్ ఎలా రాయాలి

ప్రశ్న: విజయవాడ పటమటలో ఏసీ సర్వీస్ షాపు నాది. నేనూ, ఇద్దరు కుర్రాళ్లూ కలిసి చేసుకుంటాం. మే నెలలో ఆన్‌లైన్ యాడ్ పేరుతో 12 రోజుల్లో 48 వేలు కోసేశారు, ఒక్క ఫోన్ కూడా రాలేదు. అన్నీ ఫేక్ క్లిక్కులే, డబ్బు వెనక్కి ఇవ్వండని మెయిల్ పెడితే "మా సిస్టమ్‌లో తేడా ఏమీ కనపడలేదు" అన్నారు. కార్డు బ్లాక్ చేసేయనా? కేసు వేయనా? మళ్లీ మెయిల్ పెట్టాలంటే ఎలా రాయాలి?

జవాబు: కార్డు బ్లాక్ చేయకండి, కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి లాక్కునే ఛార్జ్‌బ్యాక్ కూడా పెట్టకండి. మీరు ఆ పని చేసిన మరుక్షణం విషయం తప్పుడు క్లిక్కుల నుంచి మీ బకాయి మీదికి మళ్లుతుంది, అకౌంట్ ఆపేస్తారు, ఆ అకౌంట్‌లో ఉన్న రిపోర్టులే రేపు మీ సాక్ష్యం కాబట్టి అవి కూడా అందకుండా పోవచ్చు. ముందు లాగిన్ అయ్యి అవన్నీ దింపుకోండి.

మీరు పంపిన మొదటి మెయిల్ చదివాను. అందులో కోపం ఉంది, న్యాయమైన కోపమే, కానీ అవతలివాళ్లు సరిచూసుకోవడానికి ఒక్క క్లిక్కు వివరం కూడా లేదు. పైగా "పక్క వీధి షాపువాడే చేయించాడు" అని పేరు పెట్టి రాశారు. అది మళ్లీ ఎక్కడా రాయకండి. రుజువు లేకుండా ఒక మనిషి మీద అలా రాస్తే భారతీయ న్యాయ సంహిత 356 కింద పరువు నష్టం కేసు మీ మీదికే రావచ్చు, మీ బిల్లుకి మాత్రం దానివల్ల పైసా కూడా తగ్గదు. ఎవరు చేయించారన్నది మీరు తేల్చక్కర్లేదు, ఆ క్లిక్కుల వెనక నిజమైన మనిషి లేడని చూపిస్తే చాలు. ఫోన్లు రాలేదన్నది కూడా రుజువు కాదండి. యాడ్ బాగోకపోయినా, పేజీ తెరుచుకోవడానికి ఆలస్యమైనా, ఊరు తప్పుగా సెట్ చేసినా ఫోన్లు రావు.

అసలైన సాక్ష్యం మీ వెబ్‌సైట్ సర్వర్ లాగ్, అంటే సైట్‌ని ఎవరు ఎప్పుడు తెరిచారో సర్వర్ రాసుకునే ఫైలు. మీ సైట్‌ని తమ సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ వాళ్లని దాని అసలు ఫైలు ఇప్పుడే అడగండి, ఎందుకంటే షేర్డ్ హోస్టింగ్‌లో చాలామంది పాత లాగ్‌లు కొద్ది రోజులకే తుడిచేస్తారు. అందులో ఒక్కో వరుస ఇలా ఉంటుంది (నంబర్లు ఉదాహరణకి వేసినవి):

```
203.0.113.45 - - [14/May/2025:20:43:07 +0000] "GET /?gclid=Cj0Kabc HTTP/1.1" 200 5120
```

ఇందులో gclid అన్నది గూగుల్ యాడ్స్ ఒక్కో క్లిక్కుకీ ఇచ్చే గుర్తు, మెటాలో అయితే fbclid. గూగుల్ అకౌంట్‌లో ఆటో ట్యాగింగ్ ఆన్‌లో ఉంటేనే gclid కనిపిస్తుంది. ఈ గుర్తు సహాయంతోనే ప్లాట్‌ఫామ్ తన రికార్డుతో మీ లాగ్‌ని పోల్చుకోగలదు, అందుకే దీన్ని ఇవ్వకుండా మీరు ఎన్ని స్క్రీన్‌షాట్‌లు పంపినా వాళ్లకి పట్టు దొరకదు. టైమ్ కూడా చూసుకోండి. పైన +0000 అని ఉంది కదా, అంటే మన టైమ్ కాదు, 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన విజయవాడ టైమ్ వస్తుంది: 15వ తేదీ అర్ధరాత్రి దాటాక 2 గంటల 13 నిమిషాలు. యాడ్ అకౌంట్ మన టైమ్‌లో ఉండి లాగ్ వేరే టైమ్‌లో ఉంటే రోజువారీ లెక్కలు కలవవు, దాన్ని సాకుగా చూపించి మెయిల్ పక్కన పడేయొచ్చు.

ఇప్పుడు మీ 48 వేల లెక్క. మీ కాగితాల ప్రకారం 6,000 క్లిక్కులు, సగటున క్లిక్కుకి 8 రూపాయలు. మీరు 6,000 మొత్తం ఫేక్ అంటున్నారు. మీరు పంపిన లాగ్ కాపీలో గుర్తుతో సహా కనిపించినవి 5,300. మిగతా 700 ఎందుకు లేవో మనం చెప్పలేం, పేజీ రాకముందే ఎవరైనా వేలు తీసేసి ఉండొచ్చు, కాబట్టి వదిలేయండి. ఆ 5,300లో 3,250 వరుసల్లో పేజీ ఒక్కటే దిగింది, దాని వెంట రావలసిన ఫొటోలు, డిజైన్ ఫైళ్లు దిగలేదు. మనిషి మొదటిసారి ఫోన్‌లో పేజీ తెరిస్తే బ్రౌజర్ అవన్నీ అడుగుతుంది, మనిషి లేకుండా తనంతట తాను క్లిక్ చేసే ప్రోగ్రామ్, అంటే బాట్, సాధారణంగా అడగదు. ఇది బలమైన ఆధారమే గానీ ఇంతకుముందు వచ్చిన మనిషి ఫోన్‌లో ఆ ఫైళ్లు ముందే దాచి ఉండొచ్చు కాబట్టి దీని మీద ఒక్కదాని మీదే నిలబడకూడదు. అందుకని ఒక్కో వరుస మొదట్లో ఉన్న ఐపీ, అంటే క్లిక్కు వచ్చిన ఇంటర్నెట్ చిరునామా, ఎవరిదో చూడాలి. మన దగ్గర మొబైల్ కంపెనీలు ఒకే ఐపీని ఎంతోమంది కస్టమర్లకి పంచుతాయి, అంచేత ఒకే ఐపీ వంద సార్లు వచ్చినంత మాత్రాన ఒకే మనిషి అని అనుకోకండి. మొబైల్ కంపెనీల ఐపీలు తీసేసి, డేటా సెంటర్లకీ హోస్టింగ్ కంపెనీలకీ చెందినవి మాత్రం ఉంచితే 2,600 మిగులుతాయి. ఏసీ బాగు చేయించుకునే ఇంటివాళ్లు డేటా సెంటర్ నుంచి యాడ్ నొక్కరు కదా. ఒకరిద్దరు వీపీఎన్ వాడేవాళ్లుంటారు, కానీ వేలల్లో ఉండరు.

అంటే 2,600 క్లిక్కులు, 8 రూపాయల చొప్పున 20,800. దీని మీద 18 శాతం జీఎస్టీ 3,744 కలిపితే 24,544. జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ మీరు ఇప్పటికే తీసుకుని ఉంటే ఆ పన్ను మళ్లీ డబ్బుగా అడగకండి, క్రెడిట్ నోట్ అడిగి మీ ఆడిటర్‌కి చెప్పండి. ఇంకొకటి, అకౌంట్‌లో చెల్లని క్లిక్కుల కాలమ్ ఆన్ చేసి చూడండి. ప్లాట్‌ఫామ్ తానే ఏరేసినవి అందులో ఉంటాయి, వాటికి బిల్లు వేయరు. బిల్లింగ్‌లో చెల్లని క్లిక్కుల పేరిట ఇప్పటికే వెనక్కి ఇచ్చిన మొత్తం ఉంటే అది కూడా తీసేయండి, లేకపోతే రెండుసార్లు అడిగినట్టు అవుతుంది. 48 వేలు అడిగి ఏమీ రాకపోవడం కంటే, 24 వేలకి ఒక్క వరుస కూడా కాదనలేని లెక్క పెట్టడం మీకు మేలు.

లాగ్ ఫైలుని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి, అసలు ఫైలు అలాగే ఉంచి కాపీ మీద పనిచేయండి. అసలు ఫైలు వచ్చిన రోజే దాని హ్యాష్, అంటే ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు, తీసి రాసిపెట్టుకోండి. విండోస్‌లో ఈ కమాండ్ చాలు:

```
certutil -hashfile access.log SHA256
```

భారతీయ సాక్ష్య అధినియం 2023, సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పనికి రావాలంటే సర్టిఫికెట్ కావాలి. చట్టం చివర షెడ్యూల్‌లో దాని నమూనా ఉంది, రెండు భాగాలు: ఒకటి ఆ రికార్డు చూసుకునే మనిషి ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. హ్యాష్ విలువ రెండింటిలోనూ రాయాలి. లాగ్ మీ హోస్టింగ్ కంపెనీ సర్వర్‌లోది కాబట్టి మొదటి భాగం వాళ్ల నుంచి మెయిల్‌లోనే తెప్పించుకోండి, ఫోన్‌లో అడిగితే రికార్డు ఉండదు.

మెయిల్ ఇంగ్లీషులో పంపండి, విషయం మాత్రం ఇదే వరుసలో:

"మే 9 నుంచి 20 వరకు, ఈ అకౌంట్ నంబరు, ఈ ప్రచారం పేరు, ఈ ఇన్‌వాయిస్ నంబర్ల మీద వేసిన మొత్తంలో 2,600 క్లిక్కుల ఖర్చు రూ. 20,800, దానిపై జీఎస్టీని నేను అంగీకరించడం లేదు. ఆ క్లిక్కుల గుర్తులు, టైమ్, ఐపీ జతచేసిన ఫైలులో ఉన్నాయి, టైమ్ అంతా భారత కాలమానంలోకి మార్చాను. ఒక్కో క్లిక్కు ఖర్చు నాకు కనిపించదు కాబట్టి సగటు ధర తీసుకున్నాను, మీ రికార్డు ప్రకారం తేడా ఉంటే ఆ వివరం ఇవ్వండి. మీరు ఇప్పటికే సర్దుబాటు చేసిన మొత్తాన్ని మినహాయించాను. ఈ క్లిక్కుల్లో ఏవి చెల్లుతాయని, ఎందుకు చెల్లుతాయని మీరు భావిస్తున్నారో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. ఈ క్లిక్కుల రికార్డు తుడిచేయకుండా భద్రపరచండి. నా హక్కులన్నీ అలాగే ఉంచుకుని ఈ మెయిల్ పంపుతున్నాను."

కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫారాలు జతచేయాల్సి వస్తే నంబర్లలో సగం కప్పేయండి. ఇందులో రికార్డు భద్రపరచమన్న మాట, కారణం చెప్పమన్న మాట ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయకండి. ఏ క్లిక్కుని ఎలా జల్లెడ పట్టారో వాళ్లకే తెలుసు, ఒకరికే ప్రత్యేకంగా తెలిసిన విషయాన్ని రుజువు చేసే బాధ్యత వాళ్లదేనని సాక్ష్య అధినియం 109వ సెక్షన్ చెబుతుంది. మీ వైపు ప్రాథమిక ఆధారం గట్టిగా ఉంటేనే కోర్టులో ఈ మాట చెల్లుతుందని మర్చిపోవద్దు.

గడువు చూసుకోండి. మీ అకౌంట్ నిబంధనల కాపీ దింపుకుని బిల్లు వివాదాల పేరా చదవండి, కొన్నింటిలో ఛార్జ్ వేసిన 60 రోజుల్లోగా అడగకపోతే హక్కు వదులుకున్నట్టే అని ఉంటుంది. అలా గడువు పెట్టి హక్కునే తీసేసే షరతు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 28 కింద చెల్లదని కోర్టులో వాదించవచ్చు, కానీ ఆ వాదన అవసరం పడకుండా 60 రోజుల్లోపే మెయిల్ వెళ్లిపోవాలి. సపోర్ట్ చాట్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదనుకుని, వాళ్లు చెప్పిన ఫారం ఉంటే అది కూడా నింపి, టికెట్ నంబరుని మెయిల్‌లో రాయండి.

ఇంతా చేశాక మళ్లీ అదే పాత జవాబు వస్తే లాయర్ ద్వారా నోటీసు, తర్వాత వినియోగదారుల కమిషన్. వ్యాపారం కోసం కొన్న సేవకి సాధారణంగా అక్కడ చోటు లేదు, కానీ సొంతంగా బతుకుతెరువు కోసం చేసుకునేవాళ్లకి 2019 చట్టం సెక్షన్ 2(7) వివరణలో మినహాయింపు ఉంది. ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుని మీరే పనిచేస్తున్నారు కాబట్టి అది వాదించదగినదే, అయితే షాపు పెద్దదని, ఉద్యోగులు ఉన్నారని అవతలివాళ్లు తప్పకుండా ఎత్తుతారు. కాబట్టి మీరే రోజూ సర్వీస్‌కి వెళ్తున్నట్టు చూపే జాబ్ కార్డులు, ఆదాయపు పన్ను రిటర్న్ సిద్ధం చేసుకోండి. మీరు పనిచేసే చోటే, అంటే విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే, ఫిర్యాదు వేయొచ్చు, చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. నిబంధనల్లో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా ఈ దారి మూసుకుపోదు. మినహాయింపు కుదరదని కమిషన్ అంటే సివిల్ కోర్టు మిగులుతుంది, కానీ ఇరవై వేల వివాదానికి అంత దూరం వెళ్లడం నాకు ఇష్టం లేదు, మీ టైమ్ ఖర్చే దాన్ని మించుతుంది.

హోస్టింగ్ వాళ్లకి మెయిల్ ఈరోజే పెట్టండి. అసలు లాగ్ వచ్చాక హ్యాష్ తీసిన కాపీ నాకు పంపితే, 2,600 వరుసలు ఎలా ఏరామో ఒక పేజీ వివరణ మీతో కూర్చుని రాస్తాను, అది కూడా మెయిల్‌కి జతచేయాలి.