రూపం శూన్యమైతే చీర మీద పువ్వు ఎక్కడిది?

ప్రశ్న: నాగార్జునసాగర్‌లో బుద్ధవనం చూసి వచ్చాక ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం చదవడం మొదలుపెట్టాను. ‘రూపమే శూన్యత, శూన్యతే రూపం’ దగ్గర ఆగిపోయాను. ఏదీ లేదని చెబుతోందా? కొత్తవాడిని, వాక్యం వాక్యంగా చెప్పగలరా?

జవాబు: మీరు ఆగిన వాక్యానికి ముందు ఇంకొకటి ఉంది. చాలామంది దాన్ని గబగబా దాటేస్తారు. కరుణకు ప్రతీక అయిన బోధిసత్వుడు అవలోకితేశ్వరుడు పరికించి చూసి, ఐదు స్కంధాలూ ‘స్వభావశూన్యాలు’ అని గ్రహించాడు. మనం ‘నేను’ అనుకునేదంతా ఆ ఐదే: రూపం అంటే శరీరం, వేదన అంటే సుఖదుఃఖాల అనుభూతి, సంజ్ఞ అంటే గుర్తుపట్టడం, సంస్కారాలంటే కోరిక, అలవాటు వంటి మనసు పోకడలు, విజ్ఞానం అంటే ఎరుక. ఇవి లేవని ఆయన అనలేదు. దేని మీదా ఆధారపడకుండా తనంతట తానుగా నిలిచే ఉనికి వీటిలో దేనికీ లేదన్నాడు. లేనిది అదొక్కటే.

ఇక ‘రూపం శూన్యతా’. మాది పుట్టపాక వైపు చేనేత కుటుంబం. నాకిది మగ్గం దగ్గరే అర్థమైంది. మా నాయన ఆసు అనే చట్రం మీద నూలు సాగదీసి, డిజైను ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీతో బిగించి ముళ్లు వేసేవాడు. రంగులో ముంచి ఆరబెట్టాక ముళ్లు విప్పి పారేసేవాడు. అప్పుడు ఆ నూలు చూస్తే అక్కడక్కడ తెల్లటి మచ్చలు తప్ప ఏమీ ఉండదు. నేసినప్పుడు మాత్రం పువ్వు తేలుతుంది. ఆ పువ్వు పడుగులో ఉందా? లేదు. పేకలో ఉందా? లేదు. రంగులో ఉందా అంటే, అది రంగు అంటని చోటే ఉంది. పోనీ ముడిలో అందామా, ముడిని ఎప్పుడో పారేశారు. ఎక్కడ వెతికినా విడిగా పువ్వు దొరకదు. ‘రూపం శూన్యతా’ అంటే ఇంతే.

ఇక్కడే ఆగిపోతే ‘అయితే పువ్వు లేనట్టే’ అనిపిస్తుంది. అందుకే వెంటనే ‘శూన్యతైవ రూపమ్’ అంటుంది సూత్రం. పువ్వుకు సొంత ఉనికి ఉండి ఉంటే నూలు, ముడి, నేత దానికి అవసరమే లేదు. ఎవరూ దాన్ని నేయలేరు. తనంతట తాను లేదు కాబట్టే చీర మీద కుదిరింది. శూన్యతను వివరించిన బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు తన మూలమధ్యమకకారికలో ప్రతీత్యసముత్పాదాన్నే, అంటే కారణాలను ఆధారం చేసుకుని పుట్టడాన్నే, శూన్యత అంటాం అన్నాడు.

తర్వాతిది ‘రూపాన్న పృథక్ శూన్యతా, శూన్యతాయా న పృథగ్రూపమ్’. మన తెలుగువాళ్లకు ఈ వాక్యం చాలా అవసరమని నా అభిప్రాయం. వేదాంతం విని పెరిగిన చెవులు కాబట్టి, రూపం మాయ, దాని వెనక శూన్యత అనే అసలు వస్తువు ఉంది అనుకుంటాం. సూత్రం ఆ దారి మూసేస్తుంది. పువ్వును పక్కకు తీస్తే దాని శూన్యత ఒక్కటే మిగలదు. శూన్యతనే పట్టుకుని వేలాడేవాళ్లను నాగార్జునుడు నయం కాని రోగులన్నాడు.

‘వేదనా సంజ్ఞా సంస్కార విజ్ఞానాలూ ఇంతే’ అన్నది పైమాటకు కొనసాగింపు. అదే చీర కొనేవారికి ముచ్చటగా ఉంటుంది. పేక ఒక్క పోగు జరిగి పువ్వు అంచు చెదిరితే మా నాయనకు రాత్రి నిద్ర పట్టదు. ఆ సంతోషం, ఆ బాధ రెండూ చూసే మనిషిని బట్టి పుట్టినవే. అలాగని ఆ బాధ అబద్ధం కాదు. ‘అంతా శూన్యమే, ఎవరికి దెబ్బ తగిలితే ఏమిటి’ అనిపిస్తోందంటే సూత్రాన్ని తలకిందులుగా చదివినట్టు.

‘అనుత్పన్నా అనిరుద్ధా’: పుట్టలేదు, నశించలేదు. పువ్వు ముడి వేసినప్పుడు పుట్టిందా, ముంచినప్పుడా, నేసినప్పుడా? ఫలానా క్షణమని చూపలేం. మలినం లేదు, నిర్మలం లేదు, తరుగు లేదు, పెరుగు లేదు అన్నవీ ఇదే దారిలో అర్థమవుతాయి.

ఆ తర్వాత ‘కన్ను లేదు, చెవి లేదు’ అన్న పొడవైన వరుసను చూసి బెదరకండి. వింటున్నది బుద్ధుడి శిష్యుడు శారిపుత్రుడు. విశ్లేషణలో దిట్ట అని పేరున్నవాడు. ఇంద్రియాలు, దుఃఖం పుట్టే క్రమాన్ని చెప్పే పన్నెండు నిదానాలు, చివరికి దుఃఖం, దాని కారణం, దాని అంతం, ఆ అంతానికి దారి అనే నాలుగు ఆర్యసత్యాలు, అన్నీ అతను నేర్చుకున్న పట్టికలే. వరుస మొదట ‘శూన్యతాయామ్’ అని ఉంది, దాన్ని వదలకండి. శూన్యత కోణంలో చూస్తే ఇవీ విడివిడిగా నిలవవని అర్థం. దుఃఖం లేదని కొట్టిపారేయడం కాదు.

‘న జ్ఞానం న ప్రాప్తిః’ దగ్గర మాత్రం తొందర పడకండి. పొందవలసిన శూన్యత అనే వస్తువు లేదు, పొందానని చెప్పుకునే ‘నేను’ కూడా ఆ ఐదు స్కంధాలే. పట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టే బోధిసత్వుడి మనసుకు అడ్డు లేదు, అడ్డు లేదు కాబట్టి భయం లేదు అంటుంది తర్వాతి వాక్యం. చివరి ‘గతే గతే పారగతే పారసంగతే బోధి స్వాహా’ మంత్రం. దాటి వెళ్లడాన్ని చెబుతుంది. దాన్ని విడగొట్టి అర్థం లాగడం కంటే పైవాక్యాలు నాలుగుసార్లు చదువుకోవడం మేలు.