సంతకం కింద షరతు రాస్తే ఆఫర్ ఏమవుతుంది?

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో తొమ్మిదేండ్లుగా అకౌంటెంట్‌ని. జడ్చర్ల దగ్గరి ఒక కంపెనీ నుంచి మెయిల్‌లో ఆఫర్ లెటర్ వచ్చింది. నెలకు 32,000, జూలై 1న చేరాలి, జూన్ 20లోపు సంతకం పెట్టి పంపాలి. నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్, 36,000 లేకుంటే గడవదు. మిల్లులో 30 రోజుల నోటీసు ఉంది. హెచ్‌ఆర్ సార్ ఫోన్‌లో "ముందు సంతకం పెట్టు, జీతం తర్వాత చూద్దాం" అంటున్నడు. సంతకం పెట్టి, కింద "36,000 ఇస్తేనే చేరుతా" అని రాసి పంపనా సార్?

జవాబు: పంపకండి. ఆ ఒక్క వాక్యంతో చేతికొచ్చిన ఆఫర్ పోతుంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం పూర్తిగా, షరతు లేకుండా ఉండాలి. షరతు పెడితే అది అంగీకారం కాదు, మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన. పాత ప్రతిపాదన అక్కడితో రద్దవుతుంది. 1840లో ఇంగ్లండులో ఒకాయన తన పొలాన్ని 1,000 పౌండ్లకు ఇస్తానంటే, కొనేవాడు 950 అన్నాడు. అమ్మేవాడు ఒప్పుకోలేదు. అప్పుడు కొనేవాడు "సరే, 1,000కే తీసుకుంటా" అన్నాడు. కోర్టు కుదరదంది: 950 అన్నప్పుడే మొదటి ఆఫర్ ముగిసింది. మీరూ రేపు "పోనీ, 32,000కే వస్తా" అంటే కంపెనీ ఒప్పుకోవాల్సిన పని లేదు.

అడగడం వేరు, షరతు పెట్టడం వేరు. "ఇవ్వగలరా?" అని అడిగితే ఆఫర్ బతికే ఉంటుంది. కానీ అడిగినంత మాత్రాన గడువు ఆగదు. 20 దాటితే ఆఫర్ దానంతట అదే పోతుంది. 20లోపైనా, మీ అంగీకారం బయల్దేరకముందు కంపెనీ దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అందుకే ఈరోజే రాయండి, గడువు పెంచమనీ అడగండి.

మీరు జీతం మీదే కన్నేశారు. అసలు చిక్కు తేదీలో ఉంది. జూన్ 20న రాజీనామా ఇచ్చినా నోటీసు జూలై 20 దాకా నడుస్తుంది. జూలై 1కి ఒప్పుకొని సంతకం పెడితే, మిల్లుతోనో కంపెనీతోనో ఒకరితో మాట తప్పాల్సిందే. కాబట్టి తేదీ మారకుండా సంతకం పెట్టనే వద్దు. జీతం విషయంలో మాత్రం అడగండి, పట్టుబట్టకండి.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాయండి, భావం ఇలా ఉండాలి:

"మీ ఆఫర్‌కు ధన్యవాదాలు. ఈ ఉద్యోగంలో చేరాలని ఉంది. ప్రస్తుత ఉద్యోగంలో 30 రోజుల నోటీసు ఉన్నందున జూలై 1కి చేరడం కష్టం. చేరే తేదీని జూలై 27కు మార్చగలరా? తొమ్మిదేండ్ల అనుభవాన్ని చూసి నెల జీతం 36,000కు పెంచడం పరిశీలించగలరా? ఇది మీ ఆఫర్‌ను తిరస్కరించడం కాదు. మీ జవాబు అందేదాకా గడువును జూన్ 24కు పొడిగించగలరు."

నాన్నగారి డయాలసిస్ సంగతి ఇందులో రాయకండి. జీతం పెంచడానికి మీ పనితనం కారణమవుతుంది, ఇంటి ఖర్చు కాదు. పంపే ముందు మరొకటి చూసుకోండి: ఆ 32,000 చేతికొచ్చేదా, సీటీసీనా? సీటీసీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా కలిపి ఉంటుంది. మీ వాటా జీతంలోంచి కోస్తారు. 36,000 అడిగేటప్పుడు ఏ లెక్కన అడుగుతున్నారో రాయండి. అకౌంటెంట్‌కు ఇది నేను చెప్పాల్సి రావడమే విచిత్రం.

"తర్వాత చూద్దాం" అన్న ఫోన్ మాటను నమ్మడం నిర్లక్ష్యమే. లెటర్‌లో 32,000 అని ఉండి, కింద మీ సంతకం ఉంటే, దానికి విరుద్ధమైన నోటిమాటను కోర్టు మామూలుగా వినదు. ఆ సార్‌కే "ఇందాక ఫోన్‌లో జీతం తర్వాత పరిశీలిస్తామన్నారు, దయచేసి ధ్రువీకరించండి" అని మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే ఆ మాట విలువెంతో మీకే తెలుస్తుంది. మెయిళ్లను డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకండి. 2023 భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జతచేయాలి, దానికి అసలు మెయిల్ ఉండటం మంచిది.

కొత్త తేదీ, జీతం ఉన్న సవరించిన లెటర్ చేతికొచ్చి, దానికి మీ అంగీకారం మెయిల్‌లో వెళ్లేదాకా మిల్లులో రాజీనామా ఇవ్వకండి. ఆ తర్వాత కంపెనీ మాట తప్పినా, "ఉద్యోగం ఇవ్వండి" అని ప్రైవేటు యజమానిని కోర్టు సాధారణంగా బలవంతపెట్టదు. నష్టపరిహారమే అడగాలి, ఒప్పందం ఉల్లంఘించిన నాటి నుంచి మూడేండ్లలోపు దావా వేయాలి. ఉన్న ఉద్యోగం ముందే వదిలేసి, ఆఫర్ కూడా పోగొట్టుకుంటే దావా వేయడానికి ఒప్పందమే ఉండదు.

20 సాయంత్రందాకా గడువు పెంచినట్టు రాతలో రాకపోతే, హెచ్‌ఆర్‌కు మరోసారి ఫోన్ చేసి తేదీ ఒక్కటైనా మెయిల్‌లో మార్చమనండి. అది మారితే 32,000కు షరతు లేకుండా ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ లెక్క. మారకపోతే సంతకం పెట్టకండి.