సిస్టమ్ డిజైన్ ఇంటర్వ్యూ: బొమ్మ గీసే ముందు అడగవలసినవి, లెక్కించవలసినవి

ప్రశ్న: నాకు తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. హైదరాబాద్‌లో బ్యాకెండ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కోడింగ్ రౌండ్లు దాటుతున్నాను గానీ సిస్టమ్ డిజైన్ రౌండులో రెండుసార్లు ఆగిపోయాను. రెండుచోట్లా 'సమస్య అర్థం చేసుకోకుండానే పరిష్కారంలోకి వెళ్లారు' అన్నారు. షార్డింగ్, కాఫ్కా, రెడిస్ అన్నీ చదివే వెళ్లాను. అంచనా లెక్కలు వేయమంటే తడబడుతున్నాను. రెండు నెలల్లో ఎలా సిద్ధం కావాలి?

జవాబు: ఈ రెండు నెలలూ కొత్త టెక్నాలజీ ఏదీ చదవకండి. ఇంటర్వ్యూ చేసేవారి కుర్చీలో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. మీ అంత అనుభవం ఉన్నవారు విషయం తెలియక ఆగిపోవడం అరుదు. తమకు బాగా వచ్చిన జవాబును ఎదుటివారు అడగని ప్రశ్నకు అతికించి ఆగిపోతారు. ఆ రౌండులో ప్రశ్న ఒక్క వాక్యమే ఉంటుంది, కావాలనే సగంలో వదిలేస్తారు. మిగతా సగాన్ని మీరు ఎలా రాబడతారన్నదే పరీక్ష.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళదాం. 'ఇంటర్మీడియట్ ఫలితాలు చూపించే వెబ్‌సైట్‌ను డిజైన్ చేయండి' అన్నారనుకోండి. మన ఇళ్లన్నింటికీ తెలిసిన సందర్భమే. పదకొండు గంటలకు విడుదల అంటారు, పదింబావు నుంచే ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు.

ఇక్కడ అడగదగిన ప్రశ్నలు ఇరవై ఉన్నా, నలభై అయిదు నిమిషాల్లో వాటికి మీరు ఇవ్వగలిగేది అయిదారు నిమిషాలు. ఏవి అడగాలో తేల్చుకోవడానికి నేను చెప్పే గుర్తు ఒకటే: ఆ ప్రశ్నకు జవాబు మారితే మీరు గీయబోయే బొమ్మ మారాలి. 'పేజీ తెలుగులో కూడా ఉండాలా' అన్నది మంచి ప్రశ్నే గానీ బొమ్మను మార్చదు. 'ఫలితం చూడటానికి హాల్‌టికెట్ నంబరు చాలా, పుట్టినతేదీ కూడా ఇవ్వాలా' అన్నది పూర్తిగా మార్చేస్తుంది, ఎలాగో కాసేపట్లో చూద్దాం. అలాగే మరో మూడు: విద్యార్థులు ఎంతమంది, విడుదలయ్యాక మార్కులు మారతాయా, అన్నింటికంటే జరగకూడనిది ఏమిటి? ఈ చివరిదాన్ని చాలామంది అడగరు. పేజీ అయిదు నిమిషాలు ఆలస్యంగా తెరుచుకోవడం, ఒకరి మార్కులు మరొకరికి కనిపించడం, పదకొండుకు ముందే ఫలితాలు బయటికి పొక్కడం, ఈ మూడింట్లో ఏది ఎక్కువ నష్టమో తెలియకుండా ఏ నిర్ణయాన్నీ సమర్థించుకోలేరు. రీవాల్యుయేషన్ దరఖాస్తులు, ఫీజు చెల్లింపు ఇందులో లేవని మీరే చెప్పి, సరేననిపించుకుని ముందుకు వెళ్లండి.

వచ్చిన జవాబులు ఇవి అనుకుందాం: విద్యార్థులు 10 లక్షల మంది, పుట్టినతేదీ తప్పనిసరి, విడుదల తర్వాత కొద్దిమంది మార్కులు సవరించవలసి రావచ్చు, ముందుగా పొక్కడం మాత్రం అసలు కుదరదు.

ఇప్పుడు లెక్క. ఒక్కొక్కరి ఫలితాన్ని సగటున అయిదుసార్లు చూస్తారని, అందులో సగం తొలి పది నిమిషాల్లోనే పడుతుందని అనుకుందాం. ఆ పది నిమిషాల్లోనూ మొదటి క్షణాల్లో తాకిడి సగటుకు నాలుగింతలు ఉంటుందనుకుందాం. ఒక్కో విద్యార్థి ఫలితం 2 కేబీ అనుకుందాం. ఇవన్నీ ఊహలే. ఊహలని చెబుతూనే వేయండి, ఇంటర్వ్యూ చేసేవారికి అభ్యంతరం ఉంటే అక్కడే సరిచేస్తారు.

```
10,00,000 × 5       = 50,00,000
25,00,000 ÷ 600 s   ≈ 4,200 / s
4,200 × 4           ≈ 17,000 / s
10,00,000 × 2 KB    = 2 GB
```

మీరు తడబడేది గుణకారం దగ్గర కాదని నా అనుమానం. లెక్క వేశాక దానితో ఏమి చేయాలో తెలియక అక్కడ ఆగిపోతారు. అంచనా వేసేది ఏదో ఒక దారిని మూసేయడానికి. పై నాలుగు వరుసల్లో చివరిది చూడండి. రాష్ట్రం మొత్తం ఫలితాలు 2 జీబీ, మామూలు సర్వర్ మెమరీలో సులువుగా ఇమిడిపోతాయి. అంటే షార్డింగ్ దారి మూసుకుపోయింది. ఒకసారి ఒక అభ్యర్థి దాదాపు ఇదే లెక్క బోర్డు మీద సరిగ్గా వేసి, వెంటనే పక్కన పదహారు డేటాబేస్ షార్డులు గీశారు. రెండు జీబీని పదహారు ముక్కలు ఎందుకు చేస్తున్నారని అడిగితే, 'తర్వాత పెరగవచ్చు' అన్నారు. విద్యార్థుల సంఖ్య ఏటా రెట్టింపయ్యేది కాదు. లెక్క ఆయన ముందే ఉంది, ఆయన దాన్ని చదవలేదు.

లెక్కను చదివితే డిజైన్ దానంతట అదే బయటపడుతుంది. ప్రతి సర్వర్‌లోనూ ఫలితాల పూర్తి ప్రతిని మెమరీలో పెట్టుకోవచ్చు. చదవడమే తప్ప రాయడం లేదు. ఒక్కో సర్వర్ సెకనుకు 3,000 అభ్యర్థనలు అందుకుంటుందని జాగ్రత్తగా అనుకుంటే 17,000కు ఆరు కావాలి. ఒకటిరెండు పడిపోయినా తట్టుకోవడానికి పది పెడదాం, ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్. ఆ 3,000 అన్నది లోడ్ టెస్టులో తేలవలసిన సంఖ్య అని పైకి చెప్పండి.

అసలు బరువు మరోచోట ఉంది. ఫలితం 2 కేబీయే గానీ, లోగోలు, ఫోటోలు, స్క్రిప్టులు కలిపి పేజీ 500 కేబీ ఉందనుకోండి. అందరూ కొత్తగా తెరుస్తున్న క్షణంలో సెకనుకు 8.5 జీబీ బయటికి పోవాలి. ఫలితం ఒక్కటే అయితే 34 ఎంబీ. కాబట్టి మారని ఫైళ్లన్నీ సీడీఎన్‌కు వెళ్లాలి, పేజీ కూడా చిక్కిపోవాలి. ఈ ఒక్క మాట చెప్పిన అభ్యర్థి మీద నాకు గురి కుదిరేది, ఎందుకంటే అది నిజంగా సైటు నడిపినవారికి తట్టే మాట.

ఫలితాలను కూడా సీడీఎన్‌లోనే ఎందుకు పెట్టకూడదని ఎదురు ప్రశ్న వస్తుంది. వచ్చి తీరుతుంది. ఒక్కో ఫలితాన్ని చూసేది అయిదుసార్లే, అవి కూడా వేర్వేరు ఊళ్ల నుంచి. క్యాష్‌లో దొరికేవి తక్కువ, మొదటిసారి అడిగిన ప్రతి నంబరూ మన సర్వర్ దాకా రావలసిందే. దానికి తోడు నేను పనిచేసిన ఒకచోట జరిగినది చెబుతాను. విడుదలకు ముందే జనం నంబర్లు కొట్టి చూశారు. 'ఫలితం లేదు' అన్న జవాబును సీడీఎన్ గంటసేపు దాచిపెట్టుకుంది. విడుదల చేశాక కూడా వారికి అదే కనిపించింది. మా సర్వర్లు ఖాళీగా, ఆరోగ్యంగా ఉన్నాయి, ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. ఒకరి బ్రౌజర్‌లో జవాబు హెడర్లు తెరిచి `Age` విలువ రెండు వేల సెకన్లు దాటి ఉండటం చూశాకే విషయం అర్థమైంది. 'లేదు' అన్న జవాబుకు `Cache-Control: no-store` పెట్టి ఉంటే సరిపోయేది. మీ తొమ్మిదేళ్లలో ఇలాంటివి మీకూ ఉంటాయి. వాటిని చెప్పండి, చదివి వచ్చినవారికీ చేసి వచ్చినవారికీ తేడా అక్కడే తెలుస్తుంది.

ఇక పుట్టినతేదీ దగ్గరికి వద్దాం. హాల్‌టికెట్ నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి పక్కవారి నంబరు ఊహించడం కష్టం కాదు. పుట్టినతేదీ అడిగినా, ఒక తరగతి పిల్లలు మూడేళ్ల వ్యవధిలో పుట్టారనుకుంటే అది సుమారు 1,100 తేదీల్లో ఒకటి. ప్రోగ్రాముకు అది క్షణాల పని. అందుకని ప్రయత్నాలకు పరిమితి పెట్టాలి. ఐపీ చిరునామా మీద పెడితే, ఒకే ఇంటర్‌నెట్ సెంటర్‌లో కూర్చున్నవారూ, మొబైల్ నెట్‌వర్క్‌లో ఒకే చిరునామా పంచుకుంటున్నవారూ కలిసి దెబ్బతింటారు. హాల్‌టికెట్ నంబరు మీద పెడితే, ఎవరైనా ఆకతాయి తోటి విద్యార్థి ఫలితాన్ని కావాలనే అడ్డుకోగలడు. కాబట్టి పూర్తిగా మూసేయకుండా అయిదు తప్పుల తర్వాత కొన్ని నిమిషాలు ఆపుతాం.

ఆ అయిదును ఎక్కడ లెక్కపెట్టాలి? ఇప్పటిదాకా మన పది సర్వర్లకు ఒకదానితో ఒకటి పనే లేదు. ఒకేచోట లెక్కపెట్టాలంటే రెడిస్ లాంటిది మధ్యలోకి వస్తుంది, అది ఆగిపోతే ఫలితాలు చూపించాలా, ఆపాలా అన్న కొత్త చిక్కు దానితోపాటే వస్తుంది. ఏ సర్వర్‌కు ఆ సర్వర్ లెక్కపెట్టుకుంటే చిక్కు లేదు, కానీ పది సర్వర్లు కలిసి ఒక విడతలో యాభై ప్రయత్నాలకు అవకాశం ఇస్తాయి. 1,100లో యాభై, అంటే ఇరవై రెండులో ఒక వంతు. ఇది ఒప్పుకోదగినదేనా? నేనైతే ఒప్పుకోను. సర్వర్లను కలపకుండానే, లోడ్ బ్యాలెన్సర్ ఒక హాల్‌టికెట్ నంబరును ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపేలా చేస్తాను. సర్వర్ పడిపోయినప్పుడు దాని లెక్క పోతుంది, ఆ నష్టాన్ని భరిస్తాను. మీరు ఇంకోలా తేల్చవచ్చు. మీరు ఎంచుకున్నదాని వల్ల పోయేదేమిటో మీ నోటితోనే చెప్పాలి, అంతే. 'రెండింటికీ లాభనష్టాలు ఉన్నాయి' అని వదిలేస్తే మీరు ఏమీ ఎంచుకోనట్టే.

ముందుగా పొక్కకూడదన్న షరతు కూడా ఇలాగే. పది సర్వర్లలో ముందే డేటా ఉంచితే పొక్కే చోట్లు పది. గుప్తీకరించిన ఫైలును ముందుగా పంపి, తాళంచెవిని పదకొండుకు పంపవచ్చు. సవరణల సంగతి చిన్నది: వాటిని వేరే చిన్న పట్టికగా పంపి, పాతదాని మీద పరచడం చాలు. సర్వర్లన్నింటికీ చేరేదాకా కొద్దిసేపు ఒకే విద్యార్థికి రెండు రకాల మార్కులు కనిపించవచ్చు. పేజీలో 'సవరించిన సమయం' చూపిస్తే అయోమయం తగ్గుతుంది.

మీ రెండు నెలల పని ఇది. మొదటి నెలంతా మీరు పనిచేసిన వ్యవస్థల్నే తీసుకోండి. రోజుకు ఎన్ని అభ్యర్థనలు, ఎంత డేటా, ఎక్కడ కూలింది, ఎందుకలా కట్టారు అన్నవి కాగితం మీద పెట్టండి. మీ సొంత సంస్థలోని సంఖ్యలు తెలియకపోతే డాష్‌బోర్డు తెరిచి చూసుకోండి, బయట మాత్రం అసలు సంఖ్యలు కాకుండా స్థాయి మాత్రమే చెప్పండి. రెండో నెలలో వారానికి రెండు కొత్త ప్రశ్నలు, ఒక స్నేహితుణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడియారం పెట్టుకుని, పైకి మాట్లాడుతూ చేయండి. మాట రికార్డు చేసి, మొదటి పెట్టె గీసే ముందు ఎన్ని ప్రశ్నలు అడిగారో, వాటిలో బొమ్మను మార్చినవి ఎన్నో గుర్తుపెట్టుకోండి.

లెక్కలకు బట్టీ పట్టవలసినది కొంచెమే. రోజుకు 86,400 సెకన్లు, దాన్ని లక్షగా తీసుకోండి. అప్పుడు రోజుకు కోటి అభ్యర్థనలంటే సెకనుకు వంద, అసలు జవాబు 116, ఆ తేడాతో పనిలేదు. మన వాళ్లు ఎక్కువగా జారిపోయే చోటు ఒకటుంది. మనసులో లక్షల్లో లెక్కించి, బయటి దేశం వారితో మిలియన్లలో చెప్పబోయి, ఒక సున్నా పోగొట్టుకుంటారు. పది లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు. ఎదుటివారు ఏ లెక్కలో మాట్లాడతారో మొదటి నిమిషంలోనే తేల్చుకుని, బోర్డు మీద చివరిదాకా అందులోనే రాయండి.